అర్ధరూపాయి ఎటు పోయింది?

మా హాస్టల్ మెస్ కమిటీలో ఈ సెమిస్టర్ నాకు పడ్డ పని నెల చివర బిల్లుల షీట్ ఒకసారి సరిచూడటం. లెక్క చాలా సింపుల్. మెస్ రేటు రోజుకి 112 రూపాయల 50 పైసలు. ఎవరైనా ఊరెళ్తుంటే ముందురోజు రిజిస్టర్‌లో రాస్తే ఆ రోజు కట్. తిన్న రోజులు గుణించు రేటు, వచ్చినదాన్ని దగ్గర రూపాయికి రౌండ్ చేస్తే అదే ఆ అమ్మాయి బిల్లు. మెస్ అకౌంట్స్ చూసే సార్ దీన్ని ఎక్సెల్‌లో చేస్తారు. ఆయన సెల్‌లో ఉండే ఫార్ములా ఇది:

```
=ROUND(C2*112.5, 0)
```

మేం మొత్తం 240 మంది. 240 వరసలు కళ్ళతో చూసే ఓపిక నాకు లేదు. అందుకే షీట్‌ని సీఎస్‌వీగా దించుకుని పైథాన్‌లో నాలుగు లైన్లు రాశా:

```python
total = 0
for days in days_list:
    total += round(days * 112.5)
print(total)
```

సార్ షీట్‌లో కింద మొత్తం 7,55,815. నా స్క్రిప్ట్ చెప్పింది 7,55,764. తేడా 51 రూపాయలు.

ఇక్కడ నేను చేసిన తప్పు ముందే ఒప్పేసుకుంటా. ఏ వరసలో తేడా వచ్చిందో చూడకుండానే, "నవంబర్ మెస్ షీట్‌లో 51 రూపాయలు ఎక్కువ వసూలు చేస్తున్నారు, పైథాన్‌లో చెక్ చేశా" అని హాస్టల్ గ్రూప్‌లో పెట్టేశా. పైథాన్ అన్న మాట ఎందుకు చేర్చానంటే, కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగు ఉండదని నా నమ్మకం. (ఆ షీట్‌ని చేసింది కూడా కంప్యూటరే కదా అన్న ఆలోచన ఆ క్షణంలో రాలేదు.) పది నిమిషాల్లో ఎవరో నెలకి 51 అంటే నాలుగేళ్ళకి ఎంతో లెక్క కట్టారు. ఇంకొకరు మిగతా హాస్టళ్ళు కూడా కలిపారు. ఇంకాసేపటికి ఆ సార్ కొత్త బండి కొన్న సంగతి కూడా చర్చలోకి వచ్చేసింది.

మా రూమ్మేట్ మాత్రం "ఏమే, 51 రూపాయలు తినాలనుకున్నవాడు నీకు షీట్ ఎందుకు పంపుతాడే?" అంది. అప్పుడు మొదటిసారి కడుపులో ఏదో కదిలింది. కూర్చుని వరస వరసా పోల్చడం మొదలుపెట్టా. అసలు మొదట చేయాల్సిన పని అదే.

మొత్తాలు పోలిస్తే తేడా ఉందని మాత్రమే తెలుస్తుంది. ఎక్కడుందో తెలియదు. వరసకి వరస తీసేస్తే తెలుస్తుంది. సార్ బిల్లులోంచి నా బిల్లు తీసేసి, సున్నా కానివి మాత్రమే ప్రింట్ చేశా. సరిగ్గా 51 వరసలు వచ్చాయి. ప్రతి దాంట్లో తేడా ఒక్క రూపాయే. ప్రతి దాంట్లో సార్‌దే ఎక్కువ. ఎవరైనా డబ్బు కొట్టేస్తే, లేదా టైప్ చేసేటప్పుడు పొరపాటు చేస్తే తేడాలు ఇంత శుభ్రంగా రావు. ఒకచోట పది, ఒకచోట వంద, ఒకచోట ఎదురు తేడా ఉంటాయి. అన్నీ ఒకే సైజు, అన్నీ ఒకే వైపు ఉన్నాయంటే అది మనిషి పని కాదు, ఏదో రూల్ పని. ఈ గుర్తు నాకు ముందు తెలిసుంటే ఆ మెసేజ్ పెట్టేదాన్ని కాదు.

తర్వాత ఆ 51 మందిని రోజుల ప్రకారం వేరు చేశా. 29 రోజులు తిన్నవాళ్ళు 34 మంది, 25 రోజుల వాళ్ళు 13 మంది, 21 రోజుల వాళ్ళు నలుగురు. అంతే. ఓహో, బేసి రోజులైతే చివర 50 పైసలు వస్తాయి, అక్కడే గొడవ అనుకున్నా. సగం నిజమే. కానీ 27 రోజులు తిన్నవాళ్ళు 22 మంది ఉన్నారు, 23 రోజుల వాళ్ళు ఏడుగురు. అవీ బేసి రోజులే, అక్కడా 50 పైసలు వస్తాయి. కానీ ఆ 29 మంది బిల్లుల్లో ఒక్క పైసా తేడా లేదు. 29కి తేడా ఉంది, 27కి లేదు, 25కి ఉంది, 23కి లేదు, 21కి ఉంది. ఒకటి విడిచి ఒకటి. దీన్ని చూసి దాదాపు అరగంట బుర్ర గోక్కున్నా.

మన సీఎస్ వాళ్ళకి ఇలాంటిది కనిపిస్తే మొదట నోటికి వచ్చే మాట "ఫ్లోటింగ్ పాయింట్ ఎర్రర్". నేనూ అదే అనుకున్నా. కానీ ఇక్కడ అది కాదు. 112.5 బైనరీలో కచ్చితంగా ఇముడుతుంది, ఎందుకంటే అర అంటే రెండులో ఒక వంతు. 1110000.1 అని రాస్తే అయిపోయింది. దాన్ని 29తో గుణిస్తే కచ్చితంగా 3262.5 వస్తుంది, ఒక అణువంత కూడా తేడా రాదు. అంటే లెక్క కరెక్టే. ఆ సరిగ్గా మధ్యలో ఉన్న అర్ధరూపాయిని ఎటు పంపాలి అన్న నిర్ణయంలోనే తేడా.

పైథాన్ ఓపెన్ చేసి ఇది కొట్టి చూడండి:

```python
>>> [round(x) for x in (0.5, 1.5, 2.5, 3.5)]
[0, 2, 2, 4]
```

స్కూల్లో మనకి నేర్పింది ఐదు లేదా ఆపైన ఉంటే పైకి, లేకపోతే కిందకి అని. ఆ లెక్కన 1, 2, 3, 4 రావాలి. ఎక్సెల్‌లో `ROUND` ఇచ్చేది అదే. గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ కూడా అంతే. కానీ పైథాన్ 3 రూల్ వేరు. సంఖ్య సరిగ్గా రెండు పూర్ణాంకాల మధ్యలో ఉంటే, ఆ రెండింటిలో ఏది సరి సంఖ్యో దానివైపు వెళ్తుంది. రెండున్నరకి పక్కన ఉన్నవి రెండు, మూడు. రెండు సరి సంఖ్య కాబట్టి రెండు. మూడున్నరకి పక్కన ఉన్నవి మూడు, నాలుగు. కాబట్టి నాలుగు. దీన్నే రౌండ్ హాఫ్ టు ఈవెన్ అంటారు, బ్యాంకర్స్ రౌండింగ్ అని ఇంకో పేరు. 2.4, 2.6 లాంటి వాటి దగ్గర ఈ రూల్‌కి పనే లేదు. అవి ఎవరి లెక్కలోనైనా దగ్గరున్న సంఖ్యకే వెళ్తాయి. సరిగ్గా మధ్యలో నిలబడ్డవాటికే ఈ పంచాయితీ.

ఇప్పుడు మెస్ షీట్‌కి వద్దాం. 112.5ని 112, అర అని విడదీయండి. 112 గుణించు రోజులు ఎప్పుడూ సరి సంఖ్యే. కాబట్టి మొత్తం సరా బేసా అన్నది రోజుల్లో సగం మీదే ఆధారపడుతుంది. 29లో సగం 14.5. మధ్యలో ఆగిన బిల్లు 3262.5, కింద ఉన్న 3262 సరి సంఖ్య. పైథాన్ కిందకి దిగింది, ఎక్సెల్ 3263కి ఎక్కింది. 27లో సగం 13.5. బిల్లు 3037.5, కింద ఉన్న 3037 బేసి, పైన ఉన్న 3038 సరి. పైథాన్ కూడా పైకే వెళ్ళింది, అందుకే తేడా లేదు. 25లో సగం 12.5, మళ్ళీ కిందకి. ఒకటి విడిచి ఒకటి ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. అంటే నా స్క్రిప్ట్‌లో 29 రోజులు తిన్న అమ్మాయికి అర్ధరూపాయి లాభం, 27 రోజులు తిన్న అమ్మాయికి అర్ధరూపాయి నష్టం. వాళ్ళిద్దరికీ ఈ రూల్ ఎవరు వివరిస్తారు?

అసలు పైథాన్ వాళ్ళు ఇలా ఎందుకు చేశారు అన్నది అడగాల్సిన ప్రశ్నే. పైథాన్ 2లో `round(2.5)` మూడే ఇచ్చేది. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3.0తో మార్చారు. కారణం కూడికలోనే ఉంది. పైన రాసిన నాలుగు సంఖ్యలే తీసుకోండి: 0.5, 1.5, 2.5, 3.5. అసలు మొత్తం 8. స్కూల్ పద్ధతిలో రౌండ్ చేసి కూడితే 1, 2, 3, 4 కలిపి 10. సరి సంఖ్య పద్ధతిలో 0, 2, 2, 4 కలిపి 8. స్కూల్ పద్ధతిలో మధ్యలో ఉన్న ప్రతిదీ పైకే పోతుంది. ఒక్కొక్కటీ అరే కావచ్చు, కానీ అన్నీ ఒకే వైపు తోస్తాయి కాబట్టి వరసలు పెరిగే కొద్దీ మొత్తం పైకి జరుగుతూ పోతుంది. సరి సంఖ్య పద్ధతిలో సుమారు సగం పైకి, సగం కిందకి పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్రాసెసర్ లోపల జరిగే దశాంశాల లెక్కలకి 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం డిఫాల్ట్‌గా పెట్టిన పద్ధతి కూడా ఇదే.

కానీ ఆ "సుమారు సగం" అన్న మాట మీద నాకు అనుమానం. మా షీట్ మీదే చూద్దాం. 240 మంది తిన్న రోజులన్నీ కలిపితే 6,718. గుణించు 112.5 అంటే 7,55,775. అసలు రావాల్సిన మొత్తం ఇది. మధ్యలో ఆగిన బిల్లులు 80. ఎక్సెల్‌లో 80 కూడా పైకి వెళ్ళాయి, ఒక్కొక్కటి అర చొప్పున 40 రూపాయలు ఎక్కువ. అందుకే 7,55,815. పైథాన్‌లో 29 పైకి, 51 కిందకి. నికరంగా 22 అరలు తక్కువ, అంటే 11 రూపాయలు. అందుకే 7,55,764. రెండింటి మధ్య 51. లెక్క రూపాయితో సహా కుదిరింది.

పైథాన్ మొత్తం అసలుకి దగ్గరగా ఉందన్నది నిజమే. కానీ సగం సగం అవ్వలేదు. ఎందుకంటే మా హాస్టల్లో ఒక్క రోజు ఊరెళ్ళి వచ్చేవాళ్ళు చాలామంది, 29 రోజుల వాళ్ళే 34 మంది. సరి, బేసి సమానంగా చెల్లాచెదురుగా ఉన్న డేటాలోనే ఆ పద్ధతి బాగా పని చేస్తుంది. ఒకే రేటుతో, కొన్ని రోజుల సంఖ్యలే మళ్ళీ మళ్ళీ వచ్చే చోట అది కూడా ఒక వైపు వాలుతుంది. కాబట్టి "బ్యాంకర్స్ రౌండింగ్ ఎప్పుడూ బెటర్" అని ఎవరైనా అంటే ఒకసారి డేటా చూడమనండి.

ఇంకో సంగతి. నేను ఎక్సెల్‌లోనే `ROUND` తీసేసి, ఫార్మాట్ మార్చి దశాంశాలు కనపడకుండా దాచి చూశా. 29 రోజుల సెల్‌లో 3263 అనే కనిపిస్తుంది. లోపల మాత్రం 3262.5 అలాగే ఉంటుంది. కింద `SUM` కొడితే 7,55,775. అంటే పేజీ మీద కనపడే అంకెలన్నీ సార్ షీట్‌లోవే, కానీ మొత్తం మాత్రం 40 రూపాయలు తక్కువ. ఆ ప్రింటవుట్ తీసి ఎవరైనా క్యాలిక్యులేటర్‌తో కూడితే ఇంకో గొడవ. ఒకే హాస్టల్, ఒకే నెల, మూడు మొత్తాలు. ఏ ఒక్కదాంట్లోనూ గుణకారం తప్పు కాదు. మీ దగ్గర రెండు మొత్తాలు కలవనప్పుడు, సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో `ROUND` ఉందా, కేవలం కనిపించే రూపమేనా అన్నది ముందు చూసుకోండి.

సరే, నా స్క్రిప్ట్ సార్ షీట్‌తో కలవాలంటే ఏం చేయాలి? మొదట నాకు తట్టింది అందరికీ తట్టేదే, `int(x + 0.5)`. నవంబర్‌కి అది పని చేసింది. అక్టోబర్ షీట్ మీద మళ్ళీ ఒక్క రూపాయి తేడా. అక్కడ ఒకమ్మాయికి వెనక్కి ఇవ్వాల్సిన ఐదు రోజుల డబ్బు మైనస్ 562.5 అని ఒక వరసలో ఉంది. ఎక్సెల్ దాన్ని మైనస్ 563 చేసింది. నా ఫార్ములా మైనస్ 562 ఇచ్చింది. ఎక్సెల్ `ROUND` "పైకి" వెళ్ళదు, సున్నా నుంచి దూరంగా వెళ్తుంది. ప్లస్‌లో రెండూ ఒకటే. మైనస్‌లో దూరంగా వెళ్ళడం అంటే కిందకి దిగడం. నేను అర కలిపినప్పుడు మాత్రం మైనస్ సంఖ్య సున్నా వైపు జరిగింది. రీఫండ్‌లు, క్రెడిట్‌లు ఉన్న ఏ షీట్‌లోనైనా ఈ చిట్కా ఇలాగే దెబ్బ కొడుతుంది.

సరైన దారి `decimal` మాడ్యూల్:

```python
from decimal import Decimal, ROUND_HALF_UP

RATE = Decimal("112.50")

def bill(days):
    amount = RATE * days
    return amount.quantize(Decimal("1"),
                           rounding=ROUND_HALF_UP)
```

దీంతో నవంబర్ మొత్తం 7,55,815 వచ్చింది, 240 వరసలూ కలిశాయి. `ROUND_HALF_UP` అన్న పేరు చూసి మోసపోకండి, అది కూడా ఎక్సెల్ లాగా సున్నా నుంచి దూరంగానే వెళ్తుంది. మైనస్ 562.5ని మైనస్ 563 చేస్తుంది. మనకి కావాల్సింది అదే.

ఆ `rounding=` అన్నది మాత్రం మర్చిపోకూడదు. `Decimal` వాడితే చాలు అన్నీ సర్దుకుంటాయని చాలామంది అనుకుంటారు. కానీ ఏమీ చెప్పకపోతే దాని డిఫాల్ట్ కూడా సరి సంఖ్య పద్ధతే. ఇంకా తమాషా ఏంటంటే, కాంటెక్స్ట్‌లో రౌండింగ్‌ని `ROUND_HALF_UP`గా మార్చినా `round(Decimal("2.5"))` రెండే ఇస్తుంది. స్థానాల సంఖ్య ఇవ్వకుండా `round` పిలిస్తే అది కాంటెక్స్ట్‌ని పట్టించుకోదు. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, నేను చదవలేదు అంతే. అందుకే `quantize`లో నేరుగా చెప్పడం అలవాటు చేసుకున్నా.

ఇంతవరకూ ఫ్లోట్ తప్పేమీ లేదని చెప్పుకొచ్చా. అది 112.5 అదృష్టం. పైసల దాకా రౌండ్ చేయాల్సి వస్తే కథ మారుతుంది. ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ రెండు జబ్బుల్నీ ఒకటే అనుకుని ఒకదానికి మందు ఇంకోదానికి వేస్తారు.

హోటల్ బిల్లు 107 రూపాయలనుకోండి. దాని మీద ఐదు శాతం జీఎస్టీ, అందులో కేంద్రానికి రెండున్నర శాతం, రాష్ట్రానికి రెండున్నర శాతం. 107లో రెండున్నర శాతం అంటే కాగితం మీద 2.675. దీన్ని రెండు దశాంశాలకి రౌండ్ చేయాలి. ఎక్సెల్ 2.68 ఇస్తుంది. సరి సంఖ్య పద్ధతి ప్రకారం కూడా 2.68 రావాలి, ఎందుకంటే 7 బేసి, 8 సరి. ఇప్పుడు పైథాన్ ఏమంటుందో చూడండి:

```python
>>> round(107 * 0.025, 2)
2.68
>>> round(107 * 2.5 / 100, 2)
2.67
```

ఒకే లెక్క, రెండు రకాలుగా రాస్తే రెండు జవాబులు. మొదటిసారి చూసి నేను ల్యాప్‌టాప్ మూసేశా.

ఇక్కడ రౌండింగ్ రూల్ నిర్దోషి. 2.675 అనే సంఖ్య బైనరీలో ఇమడదు, మూడులో ఒకటో వంతు దశాంశాల్లో ఇమడనట్టే. దాని దగ్గరలో కంప్యూటర్ పెట్టుకోగల సంఖ్యలు రెండు. ఒకటి 2.675 కంటే కొంచెం తక్కువ, 2.67499999999999982 లాంటిది. ఇంకోటి కొంచెం ఎక్కువ, 2.67500000000000026 లాంటిది. రెండో లైన్‌లో 267.5ని 100తో భాగించినప్పుడు తక్కువున్నది వచ్చింది. అది మధ్యలో లేనే లేదు, మధ్యకి కింద ఉంది, కాబట్టి నిజాయితీగా 2.67. మొదటి లైన్‌లో 0.025 అన్నదే అసలు విలువ కంటే వెంట్రుకవాసి ఎక్కువ, దాన్ని 107తో గుణించేసరికి ఆ తేడా పెరిగి పైనున్న సంఖ్యకి చేరింది, కాబట్టి 2.68. రెండు చోట్లా టై అన్నదే లేదు, సరి బేసి ప్రశ్నే రాలేదు.

అయితే మీ తేడా ఏ రకానిదో ఎలా తెలుసుకోవాలి? రౌండ్ చేయక ముందున్న విలువని `Decimal`లో పెట్టి ప్రింట్ చేయండి. కోట్లు పెట్టకుండా:

```python
>>> Decimal(29 * 112.5)
Decimal('3262.5')
>>> Decimal(107 * 2.5 / 100)
Decimal('2.67499999999999982236431605997495353221893310546875')
```

కోట్లు లేకుండా ఇస్తే ఫ్లోట్ లోపల నిజంగా ఏముందో మొత్తం బయటపెడుతుంది. శుభ్రంగా 5తో ఆగిపోతే మీ గొడవ రూల్‌ది, `ROUND_HALF_UP` పెడితే పోతుంది. ఇలా తోక సాగితే మీ గొడవ ఫ్లోట్‌ది, అప్పుడు రూల్ మార్చినా లాభం లేదు. మొదటి నుంచీ విలువల్ని కోట్లలో, అంటే `Decimal("2.5")` అని టెక్స్ట్‌గా తీసుకురావాలి. ఫైల్ చదివేటప్పుడు పాండాస్ వాడితే అది దశాంశాలున్న కాలమ్‌ని తనంతట తానే ఫ్లోట్ చేసేస్తుంది. `dtype=str` అని చెప్పి చదివి, తర్వాత `Decimal` చేసుకోవాలి. ఒకసారి ఫ్లోట్ అయ్యాక `Decimal` చేస్తే ఆ తోక కూడా వెంట వస్తుంది.

పనిలో పని, మన దేశంలో డబ్బు లెక్కలకి ఏ రూల్ వాడాలి అన్నది చాలాచోట్ల మన ఇష్టం కాదు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: పన్నుని దగ్గర రూపాయికి రౌండ్ చేసేటప్పుడు 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి, అంతకంటే తక్కువ ఉంటే వదిలేయాలి. అంటే స్కూల్ పద్ధతే. అక్కడ పైథాన్ `round` పెడితే గణితపరంగా ఎంత అందంగా ఉన్నా చట్టం ప్రకారం తప్పు. ఇంకో చిన్న విషయం, ఎక్సెల్‌లోనే మాక్రోలు రాసే వీబీఏలో `Round(2.5)` కొడితే రెండు వస్తుంది. అదే ఎక్సెల్, సెల్‌లో ఒక రూల్, మాక్రోలో ఇంకో రూల్. కాబట్టి "ఎక్సెల్ ఇలా చేస్తుంది" అని కూడా మొండిగా అనకూడదు.

మర్నాడు పొద్దున టిఫిన్ టైమ్‌లో సార్ నన్ను పిలిపించారు. గ్రూప్‌లో మెసేజ్ ఎవరో ఆయనకి పంపేశారు. తిడతారనుకుని వెళ్ళా. ఆయన షీట్ ప్రింటవుట్ ముందు పెట్టుకుని, పక్కన క్యాలిక్యులేటర్‌తో కూర్చున్నారు. రాత్రి రెండుసార్లు కూడారట. "ఏమ్మా, ఎంత కూడినా నాకు 51 రావట్లేదు. ఏ పేజీలో వచ్చిందో చూపిస్తే సరిచేస్తాను" అన్నారు.

నాకు మాట రాలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ 51 వరసలూ చూపించా, పైథాన్ సరి సంఖ్య వైపు వెళ్తుందని చెప్పా. ఆయన అంతా విని, "మరి అర్ధరూపాయి ఉంటే రూపాయి వేయమనే కదమ్మా మాకు చెప్పింది" అన్నారు. అవును సార్, మీదే కరెక్ట్ అన్నా. అయితే మీ పద్ధతిలో అసలు కంటే 40 రూపాయలు ఎక్కువ వస్తాయి సార్ అని కూడా చెప్పా, చెప్పాలి కదా.

"తెలుసమ్మా" అని పక్కనున్న పాత లెడ్జర్ తీశారు. ప్రతి నెలా చివరి లైన్‌లో చేత్తో రాసి ఉంది, రౌండాఫ్ అని. నవంబర్ దగ్గర 40. అక్టోబర్ దగ్గర 33. అన్నీ తర్వాతి నెల ఖర్చులో కలిపి చూపించారు. వెనక్కి ఎన్ని పేజీలు తిప్పినా ఆ లైన్ ఉంది.

నేను గ్రూప్‌లో రెండో మెసేజ్ పెట్టా. షీట్ కరెక్ట్, నా స్క్రిప్ట్ రౌండింగ్ తప్పు, సార్‌కి సారీ చెప్పాను అని. మొదటిదానికి 74 రియాక్షన్లు వచ్చాయి. దీనికి 6. అందులో ఒకటి మా రూమ్మేట్‌ది. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నా.

ఇప్పుడు నా స్క్రిప్ట్ మొత్తం కంటే ముందు తేడా ఉన్న వరసల్ని ప్రింట్ చేస్తుంది. చివర్లో రౌండాఫ్ ఎంతో కూడా చెప్తుంది. డిసెంబర్‌లో నేను, సార్ విడివిడిగా వేసి పక్కపక్కన పెట్టి చూశాం. ఆయన లెడ్జర్‌లో 37, నా స్క్రీన్ మీద 37.